ఒక్క బటన్, దాని చుట్టూ సందేహాలు

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒక ప్రకటన వస్తుంది. ఇంట్లో కూర్చునే మగ్గం వర్క్ నేర్చుకోవచ్చంటుంది. నొక్కితే ఒక పేజీ తెరుచుకుంటుంది. పైన హోమ్, మా గురించి, కోర్సులు, గ్యాలరీ అని వరసగా మెనూ. దాని కింద ‘ఇప్పుడే చేరండి’ అని ఎర్ర బటన్, పక్కనే ‘వాట్సాప్ చేయండి’ అని ఆకుపచ్చ బటన్. ఇంకాస్త కిందికి వెళ్తే యాప్ దింపుకోమని ఒకటి, యూట్యూబ్ ఛానల్‌కి సబ్‌స్క్రైబ్ చేయమని ఇంకొకటి, ఫోన్ నంబరు ఒకటి. ఫీజు ఎంతో మాత్రం ఎక్కడా కనిపించదు. చూసేవాళ్లు రెండుసార్లు పైకీ కిందికీ తిప్పి, మళ్లీ రీల్స్‌లోకి వెళ్లిపోతారు. ప్రకటనకి పెట్టిన డబ్బు మాత్రం ఆ నొక్కుడుతోనే ఖర్చయిపోయింది.

ప్రకటన నొక్కినవాళ్లు వచ్చి దిగే ఇలాంటి పేజీని ల్యాండింగ్ పేజీ అంటారు. మామూలు వెబ్‌సైట్‌కీ దీనికీ ఉన్న తేడా పనిలోనే ఉంది. వెబ్‌సైట్‌కి రకరకాల అవసరాలతో మనుషులు వస్తారు, అందుకని దానికి నాలుగు దారులు కావాలి. ల్యాండింగ్ పేజీకి ఒకే మాట విని వచ్చినవాళ్లు వస్తారు, వాళ్లతో ఒకే పని చేయించాలి. అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లు మెనూ తీసేయమంటారు, బటన్ ఒక్కటే ఉంచమంటారు, సందేహాలకు జవాబులు రాయమంటారు. ఈ మూడు సలహాలూ అందరికీ తెలిసినవే. అయినా చాలా పేజీలు తేలిపోతున్నాయి. బటన్‌నీ సందేహాలనీ వేర్వేరు విషయాలుగా చూడటమే అందుకు కారణమని నా లెక్క. బటన్ ఏ పని అడుగుతోందో తేలితే తప్ప ఏ సందేహానికి జవాబు రాయాలో తేలదు. డబ్బు కట్టమని అడిగితే పుట్టే భయాలు వేరు, ఫోన్ నంబరు ఇమ్మని అడిగితే పుట్టే భయాలు వేరు.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాసి చూద్దాం. రాజమండ్రిలో ఒకావిడ ఇంటి దగ్గరే మగ్గం వర్క్ నేర్పుతారనుకుందాం. బ్లౌజ్ మెడలకీ చేతులకీ ఆరి సూదితో జరీ, పూసలు, కుందన్లు వేసే పని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు చాలక కాదు, దూరం నుంచి అడిగేవాళ్లు ఎక్కువై, పాఠాలన్నీ వీడియోలుగా తీశారు. రెండు నెలల కోర్సు, ఫీజు 2,499 రూపాయలు. వారానికోసారి విద్యార్థులు తాము కుట్టిన ముక్కని ఫోటో తీసి పంపితే, తప్పెక్కడుందో ఆవిడే చూసి చెబుతారు. ఇప్పుడు ఈ కోర్సుకి పేజీ రాయాలి.

అడగాల్సింది డబ్బా, నంబరా?

మొదటి నిర్ణయం బటన్ గురించి. ఆవిడ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, నేరుగా ‘2,499 కట్టి చేరండి’ అనడం. రెండోది, ‘మొదటి పాఠం ఉచితంగా చూడండి’ అని వాట్సాప్ నంబరు అడగడం. రెండూ ఒకే పేజీలో పెడితే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. ఉచితం పక్కన ఉంటే డబ్బు కట్టే బటన్‌ని ‘తర్వాత చూద్దాం’ అని వదిలేస్తారు. డబ్బు బటన్ పక్కన ఉంటే ఉచిత పాఠం మీద ‘ఇది వల’ అన్న అనుమానం వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

ఏది ఎంచుకోవాలన్నది రెండు సంగతులను బట్టి ఉంటుంది: వచ్చేవాళ్లకి మనం ముందే తెలుసా, అడిగే మొత్తం వాళ్లకి ఆలోచించకుండా ఇచ్చేంతదేనా. ఆవిడ యూట్యూబ్ వీడియోలు ఏడాదిగా చూస్తున్నవాళ్లకి ఈ లింకు పంపితే నేరుగా ఫీజు అడగొచ్చు. కానీ ప్రకటన చూసి వచ్చేవాళ్లకి ఆవిడ పేరు కూడా తెలియదు. ముక్కూ మొహం తెలియని మనిషికి మొదటి చూపులోనే రెండున్నర వేలు కట్టేవాళ్లు తక్కువ. కాబట్టి ప్రకటనకి పెట్టే పేజీలో ఉచిత పాఠమే అడుగుదాం. 199 రూపాయల చిన్న కోర్సు అయితే ఈ సుత్తంతా అక్కర్లేదు, నేరుగా కట్టమనడమే మేలు. నంబరు ఇచ్చి, వీడియో కోసం ఎదురుచూసి, మళ్లీ కట్టడం కంటే అదే సులువు.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో 1920లలో యూఎస్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ అనే సంస్థ పోస్టులో సంగీత పాఠాలు పంపేది. దానికి జాన్ కేపుల్స్ అనే కుర్ర రచయిత రాసిన పత్రికా ప్రకటన ఈ వృత్తిలో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ఒకతను విందులో పియానో ముందు కూర్చుంటాడు, స్నేహితులు నవ్వుతారు, వాయించడం మొదలుపెట్టగానే నివ్వెరపోతారు, ఇదీ కథ. అందరూ ఆ కథనే మెచ్చుకుంటారు. ఆ ప్రకటన చివర ఉన్న కూపన్ నాకు అంతకన్నా ముఖ్యం అనిపిస్తుంది. అది కోర్సు కొనమని అడగదు. ఉచిత పుస్తకం, ఒక నమూనా పాఠం పంపుతాం, చిరునామా రాసి పోస్టు చేయమంటుంది. మధ్యలో చదువుతున్నవాళ్ల సందేహాలు ఒక్కొక్కటిగా తీరుస్తుంది: గురువు లేకుండా వస్తుందా, సంగీత జ్ఞానం లేకపోతే ఎలా అన్నవి. అన్ని దారులూ ఆ కూపన్ దగ్గరే ఆగుతాయి. ఇప్పుడు మనం రాయబోయేదీ అదే, కాకపోతే కత్తెర బదులు వేలు.

సందేహాలు ఎక్కడ దొరుకుతాయి

కూర్చుని ఊహించి రాసిన సందేహాలు నిజం సందేహాల్లా ఉండవు. ‘మీ కోర్సు ప్రత్యేకత ఏమిటి?’ అని ఏ మనిషీ అడగదు; అది రాసేవాళ్లు తమను తాము పొగుడుకోవడానికి వేసుకునే ప్రశ్న. అసలు సరుకు ఆవిడ ఫోన్‌లోనే ఉంది. ఇన్నాళ్లూ దూరం నుంచి అడిగినవాళ్ల వాట్సాప్ మెసేజ్‌లన్నీ తీసి, ప్రతిదాన్నీ వాళ్ల మాటల్లోనే ఒక కాగితం మీద ఎక్కించాలి. మామూలుగా ఇలా ఉంటాయి:

‘అక్కా నాకు కుట్టు మిషనే రాదు, ఇది వస్తదా?’
‘మేడమ్ ఫ్రేమ్ మీరే పంపుతారా, మాది పల్లెటూరు.’
‘వీడియోలు ఎన్ని రోజులు ఉంటాయి? మా పాప చిన్నది, రోజూ కుదరదు.’
‘యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా మేడమ్.’
‘తప్పు కుడితే ఎలా తెలుస్తుంది ఆన్‌లైన్‌లో?’
‘ఇంతకుముందు ఒకరికి కట్టాను, గ్రూప్‌లోంచి తీసేశారు.’

ఇలా పదే పదే వచ్చేవి ఐదారు ఉంటాయి, మిగతావన్నీ వాటి పిల్లలే. అయితే అడిగిన మాట వెనక అడగని మాట ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ‘ఎన్ని రోజులు ఉంటాయి?’ అన్నదానికి ‘ఏడాది’ అని జవాబిస్తే సరిపోయిందనిపిస్తుంది. కానీ ఆవిడ పాప సంగతి ఎందుకు చెప్పింది? మధ్యలో ఆగిపోతే డబ్బు దండగ అవుతుందేమో అన్నది అసలు బెంగ. కాబట్టి జవాబులో ఏడాది గడువుతోపాటు, వారం రోజులు కుట్టకపోయినా ఎక్కడ ఆగారో అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చన్న మాట రావాలి, ఒక్కో పాఠం ఎంతసేపో కూడా రావాలి. పాప పడుకున్నాక అరగంట దొరుకుతుందని ఆ తల్లికి తెలుసు. ఆ అరగంటలో ఏం అవుతుందో మనం చెప్పాలి.

మరో సంగతి. కొన్ని సందేహాలకు మాటలతో జవాబు ఉండదు. ‘తప్పు కుడితే ఎలా తెలుస్తుంది?’ అన్నది అలాంటిది. ఆరి సూదితో చైన్ కుట్టు వేసేటప్పుడు గుడ్డ పైన సూది, కింద దారం ఉంటాయి. దారాన్ని సూది కొక్కేనికి అందించేది కింద ఉన్న చెయ్యి. ఆ చెయ్యి ఏం చేస్తోందో వీడియోలో సరిగ్గా కనపడదు, కొత్తవాళ్లు తప్పు చేసేదీ అక్కడే. ఆవిడ ఫోటోలు చూసి దిద్దే ఏర్పాటు పెట్టకపోయి ఉంటే, పేజీలో ఎంత తియ్యగా రాసినా ఆ ప్రశ్న అలాగే మిగిలేది. అప్పుడు మార్చాల్సింది పేజీని కాదు, కోర్సుని. పేజీ రాయడానికి కూర్చున్నవాళ్లు కోర్సులో లోపం కనిపెట్టడం తరచూ జరిగే విషయమే.

ఇప్పుడు ఆ జాబితాని బటన్ పక్కన పెట్టి చూడాలి. మనం అడుగుతున్నది నంబరు మాత్రమే. ‘డబ్బు వాపసు ఇస్తారా’ అన్నది ఈ పేజీలో పెద్ద ప్రశ్న కాదు, ఎందుకంటే ఎవరూ ఇంకా డబ్బు కట్టడం లేదు. దానికి పేజీలో సగం కేటాయిస్తే లేని భయం కొత్తగా పుడుతుంది. అదే సమయంలో, వాట్సాప్ మెసేజ్‌లలో ఎవరూ అడగని కొత్త ప్రశ్నలు నంబరు అడగ్గానే పుట్టుకొస్తాయి: నంబరు ఇస్తే రోజూ ఫోన్ చేసి విసిగిస్తారా? గ్రూపులో పడేస్తారా, అక్కడ మగవాళ్లకి నా నంబరు కనిపిస్తుందా? ఉచితమని చెప్పి చివర్లో డబ్బు అడుగుతారా? పాఠం చూడటానికి ఫ్రేమ్, సూది ముందే కొనాలా? ఈ నాలుగే బటన్ దగ్గర తీరాలి. ‘నాకు వస్తుందా’ అన్నది అన్నిటికీ ముందు, శీర్షిక దగ్గరే తీరాలి.

పేజీ రాద్దాం

ఇలాంటి పేజీలకి మొదటి ప్రయత్నంలో వచ్చే శీర్షిక ఒకటుంది: ‘మీ ప్రతిభకు రెక్కలు తొడగండి! నంబర్ వన్ మగ్గం వర్క్ కోర్సు!’ ఇందులో ఏ కోర్సుకైనా అతికే మాట సగం, రుజువు లేని మాట సగం. పైగా ప్రకటనలో ‘కుట్టు రాకపోయినా ఫరవాలేదు’ అని చెప్పి, పేజీ తెరవగానే రెక్కలు, ప్రతిభ కనిపిస్తే తప్పు చోటికి వచ్చామేమో అనుకుంటారు. ప్రకటనలో ఏ మాట విని నొక్కారో అదే మాట పేజీ మొదట్లో కనపడాలి. అందుకని ఇలా:

> కుట్టు మిషన్ రాకపోయినా, మీ బ్లౌజ్‌కి మగ్గం వర్క్ మీరే వేసుకోవచ్చు
> ఆరి సూది పట్టుకోవడం దగ్గర్నుంచి బ్లౌజ్ చేతుల డిజైన్ పూర్తయ్యేదాకా, రెండు నెలల్లో, తెలుగులో. మీరు కుట్టింది ఫోటో పంపితే తప్పెక్కడుందో నేనే చూసి చెబుతాను.

దీని కింద ఒక ఫోటో. మెరిసిపోయే పెళ్లి బ్లౌజ్ ఫోటో పెట్టాలని చెయ్యి లాగుతుంది. కానీ దాన్ని చూసి కొత్తవాళ్లు ‘అబ్బో, ఇది నా వల్ల కాదు’ అనుకునే ప్రమాదం ఉంది. ఒకే విద్యార్థిని మొదటి వారం వంకరటింకరగా వేసిన చైన్ కుట్టు ముక్క, ఎనిమిదో వారం పూర్తి చేసిన బ్లౌజ్ చెయ్యి పక్కపక్కన పెడితే ‘నాకు వస్తుందా’ అన్నదానికి మాట అవసరం లేకుండా జవాబు దొరుకుతుంది. ఆమె అనుమతి ముందే తీసుకోవాలి, ఆ రెండు ముక్కలూ నిజంగా ఆమెవే అయి ఉండాలి.

ఆ తర్వాత బటన్. చాలా పేజీల్లో ‘సబ్మిట్’ అని ఉంటుంది. నొక్కితే ఏం దొరుకుతుందో అందులో లేదు. బటన్ మీద రాయాల్సింది నొక్కేవాళ్ల నోట్లోంచి వచ్చే మాట:

> [ మొదటి పాఠం నా వాట్సాప్‌కి పంపండి ]
> 14 నిమిషాల వీడియో, సూది పట్టుకునే పద్ధతి. చూడటానికి ఏమీ కొనక్కర్లేదు, ఏమీ కట్టక్కర్లేదు. నేను ఫోన్ చేయను, ఏ గ్రూపులోనూ చేర్చను. ఈ వారంలో ఇంకో రెండు మెసేజ్‌లు వస్తాయి. వద్దంటే ‘వద్దు’ అని పంపండి, ఆగిపోతాయి. పూర్తి కోర్సు నచ్చితే ఫీజు 2,499 రూపాయలు, ఇంకే ఛార్జీలూ లేవు.

బటన్ కింద ఉన్న ఆ నాలుగు లైన్లే ఈ పేజీకి ప్రాణం. ఇందాకటి నాలుగు భయాలూ అందులో పేరుపేరునా తీరాయి, అదీ వేలు బటన్ మీద ఆడుతున్న క్షణంలో. ఇదే విషయం పేజీ అడుగున ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అని పద్దెనిమిదో నంబరుగా ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఫోన్ చేయను’ అని రాసినప్పుడు నిజంగా చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఏ పని కోసం సమ్మతి తీసుకున్నారో ఆ పనికే నంబరు వాడమంటుంది.

ఫీజు ఇప్పుడే ఎందుకు చెప్పాలి, పాఠం నచ్చాక చెప్పొచ్చుగా అని చాలామంది నేర్పేవాళ్లు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ధర దాస్తే ‘ఎంత ఉంటుందో, పదివేలేమో’ అన్న ఊహ మొదలవుతుంది, ఉచితం అన్న మాట మీద నమ్మకం సడలుతుంది. పైగా ధర తెలియక నంబరు ఇచ్చి, తర్వాత తప్పుకునేవాళ్ల వల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదు. జీఎస్టీ పరిధిలో ఉన్న సంస్థ అయితే పన్నుతో కలిపిన మొత్తాన్నే చెప్పాలి. మొదట ఒక అంకె చూపించి, కట్టే తెరమీద ఇంకొంత కలపడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న విడుదల చేసిన మార్గదర్శకాల్లో ‘డార్క్ ప్యాటర్న్’ల కింద చేర్చారు.

ఫారంలో ఒక్క గడి చాలు: వాట్సాప్ నంబరు. పేరు, ఊరు, ఈమెయిల్, వృత్తి అడిగితే ఒక్కో గడి దగ్గర కొంతమంది రాలిపోతారు. పేరు కావాలంటే వీడియో పంపాక మాటల్లో అడగొచ్చు.

మొదటి తెర దాటి కిందికి వచ్చేవాళ్లు ఇంకా నమ్మకం కుదరనివాళ్లు. వాళ్ల కోసం మిగతా పేజీ. ఇక్కడ యూట్యూబ్ ప్రశ్న వస్తుంది. దీన్ని తప్పించుకునేవాళ్లే ఎక్కువ. ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం మంచిది:

> యూట్యూబ్‌లో మగ్గం వర్క్ వీడియోలు చాలా ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. చూసి వేసేయగలిగితే ఈ కోర్సు మీకు అక్కర్లేదు. చూసినప్పుడు తేలిగ్గా ఉండి, కూర్చుంటే దారం జారిపోతోందా? కింది చెయ్యి ఎక్కడ తప్పుతోందో మీ ఫోటో చూస్తే తెలుస్తుంది. ఈ ఫీజు అందుకే.

ఇలా ఒప్పుకుంటే కొందరు వెళ్లిపోతారు. వెళ్లిపోవాల్సినవాళ్లే వెళ్తారు. మిగిలినవాళ్లకి ఈవిడ అబద్ధం చెప్పడం లేదన్న నమ్మకం కలుగుతుంది, ఆ నమ్మకం తర్వాతి పేరాకీ పాకుతుంది. అదే ధోరణిలో, మిషన్ ఎంబ్రాయిడరీ నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఈ కోర్సు పనికిరాదని ఒక వాక్యం రాయాలి. పేర్లు దగ్గరగా ఉండటంతో పొరపాటున వచ్చేవాళ్లు ఉంటారు.

తర్వాత సామాను సంగతి. ఫ్రేమ్, ఆరి సూది, దారాలు, గుడ్డ ఏమేం కావాలో, ఏ నంబరు సూదితో మొదలుపెట్టాలో జాబితా ఇచ్చి, ఎంతవుతుందో ఆవిడ స్వయంగా దుకాణంలో అడిగి ఆ అంకె రాయాలి. పల్లెటూళ్లో దొరకనివాళ్లకి ఏ వస్తువు ఆన్‌లైన్‌లో ఏ పేరుతో వెతకాలో చెప్పాలి. ‘అన్నీ తక్కువ ఖర్చులో దొరుకుతాయి’ అన్న వాక్యం ఎవరి సందేహమూ తీర్చదు.

ఆ తర్వాత పాప తల్లికి జవాబు, ఇంతకుముందు మోసపోయినామెకి జవాబు. రెండోదానికి ప్రమాణాలు పనిచేయవు. ఆవిడ మొహం కనిపించే ఫోటో, నేర్పుతున్న చోటు, ఎన్నేళ్ల నుంచి నేర్పుతున్నారు, కోర్సులో చేరినవాళ్లకి వీడియోలు ఎక్కడ ఉంటాయి, ఎప్పటిదాకా ఉంటాయి: ఇవి కావాలి. పాత విద్యార్థుల మాటలు పెట్టేటప్పుడు ‘సూపర్ మేడమ్, చాలా బాగుంది’ లాంటివి వదిలేసి, ఒక సందేహాన్ని తీర్చే మాటల్నే ఎంచుకోవాలి. ‘మూడు వారాలు మానేశాను, మళ్లీ మొదలుపెడితే మేడమ్ పాత ఫోటో కూడా గుర్తుపెట్టుకుని చెప్పారు’ అన్న మాట పాప తల్లి చదివే పేరా పక్కనే ఉండాలి. అన్నిటినీ ఒకచోట కుప్పగా పోస్తే ఏదీ ఎవరికీ తగలదు.

ఈ మధ్యలో అదే బటన్ మరో రెండుసార్లు రావాలి, అవే మాటలతో. మొదటిసారి ‘పాఠం పంపండి’ అని, రెండోసారి ‘ఇప్పుడే చేరండి’ అని రాస్తే అది ఇంకో పనేమో అనుకుంటారు. మెనూ, ఇన్‌స్టాగ్రామ్ గుర్తు, యూట్యూబ్ లింకు, అన్నీ తీసేయాలి. అడుగున గోప్యతా విధానం, వాపసు నిబంధనలు, చిరునామా మాత్రం చిన్న అక్షరాల్లో ఉండాలి. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సౌకర్యం ఇచ్చే కంపెనీలు ఖాతా తెరిచేముందు ఆ పేజీలున్నాయో లేదో చూస్తాయి కూడా.

రాయకూడనివి

ఈ రంగంలో రెండు అలవాట్లు బాగా పాకాయి. ఒకటి తగ్గుతూ పోయే గడియారం. ‘ఇంకా 9 నిమిషాల 42 సెకన్లే!’ అంటుంది, పేజీ మళ్లీ తెరిస్తే పది నిమిషాల నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది కూడా ఆ 2023 మార్గదర్శకాల్లో ఉన్నదే, లేని తొందర పుట్టించడం కింద వస్తుంది. నిజంగా పరిమితి ఉంటే దాని కారణంతో సహా చెప్పుకోవచ్చు: వారానికి ఇంతమంది ఫోటోలే చూడగలను, అందుకని ఈ నెల ఇంతమందినే తీసుకుంటాను అని. కారణం ఉన్న పరిమితిని జనం నమ్ముతారు.

రెండోది సంపాదన ఆశ. ‘ఇంట్లో కూర్చుని నెలకు 50 వేలు’ అని రాస్తే నొక్కేవాళ్లు పెరుగుతారు, అందులో అనుమానం లేదు. కానీ మగ్గం వర్క్‌లో వచ్చే డబ్బు ఆ ఊళ్లో ఆర్డర్లు, చేతివేగం, పెళ్లిళ్ల కాలం మీద ఆధారపడుతుంది. కోర్సు వాటిలో దేనికీ హామీ ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల రూపాయలదాకా జరిమానా వేయొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, 50 వేల కోసం వచ్చినవాళ్లు మూడో వారంలో వంకర కుట్టు చూసి డబ్బు వాపసు అడిగేవాళ్లు అవుతారు.

ఎక్కడ తప్పుతోందో తెలుసుకోవడం

పేజీ పెట్టాక మూడు అంకెలు చూసుకుంటే చాలు: ఎంతమంది వచ్చారు, ఎంతమంది బటన్ నొక్కారు, ఎంతమంది నంబరు పూర్తిగా ఇచ్చారు. వచ్చినవాళ్లు మొదటి తెర దగ్గరే వెళ్లిపోతుంటే ప్రకటనలో మాటా పేజీలో మాటా కలవడం లేదని అనుమానించాలి, లేదా ఫోటోలు బరువై పేజీ తెరుచుకోవడం లేదేమో చూడాలి. ఖరీదైన ఫోన్‌లో కాకుండా మామూలు ఫోన్‌లో, వైఫై ఆపేసి తెరిచి చూస్తే ఆ రెండో సంగతి వెంటనే తేలిపోతుంది. నొక్కి, నంబరు దగ్గర ఆగిపోతుంటే భయం అక్కడుందని అర్థం. బటన్ కింది నాలుగు లైన్లు మళ్లీ రాయాలి. నంబర్లు బాగానే వచ్చి, పాఠం చూశాక ఎవరూ చేరకపోతే తప్పు ఈ పేజీది కాదు, పాఠంలోనో ఆ తర్వాత పంపే మెసేజ్‌లోనో వెతకాలి.

చిన్న అంకెలతో తొందరపడకూడదు. ఒక శీర్షికతో 200 మంది వచ్చి 8 మంది నంబరిచ్చారు, ఇంకో శీర్షికతో 200 మంది వచ్చి 12 మంది ఇచ్చారనుకోండి. సగానికి సగం పెరిగిందని సంబరపడతాం. కానీ ఇంత తక్కువమందిలో ఆ నలుగురి తేడా ఉత్తిపుణ్యానికి కూడా రావచ్చు. రోజుకి ఇరవైమంది వచ్చే పేజీలో బటన్ రంగు మార్చి ఫలితం చూడటం వృథా ప్రయాస. అంతకన్నా నమ్మకమైన గుర్తు మళ్లీ ఆ వాట్సాప్‌లోనే ఉంటుంది. పేజీ చూసి వచ్చినవాళ్లు కూడా ‘ఫ్రేమ్ మీరే పంపుతారా?’ అని అడుగుతుంటే, ఆ జవాబు పేజీలో వాళ్ల కంట పడే చోట లేదు, లేదా చదివినా అర్థం కాలేదు. ఒక ప్రశ్న రావడం ఆగిపోయిందంటే ఆ పేరా పనిచేసినట్టు.

పాఠం చూసినవాళ్లకి మూడో మెసేజ్‌లో వెళ్లేది రెండో పేజీ. దాని బటన్ డబ్బు కట్టమంటుంది కాబట్టి ఇందాక పక్కన పెట్టిన ప్రశ్నలన్నీ అక్కడికి చేరతాయి: వాపసు, కట్టాక వీడియోలు ఎంతసేపట్లో తెరుచుకుంటాయి, యూపీఐలో డబ్బు పోయి రసీదు రాకపోతే ఎవరికి చెప్పాలి. వాపసు గురించి ‘నిబంధనలు వర్తిస్తాయి’ అని తప్పించుకోకుండా ఎన్ని రోజుల్లో, ఏ స్థితిలో, ఎలా అడగాలో రాయాలి. ఇక్కడ ఒక కొత్త ప్రశ్న తప్పకుండా వస్తుంది, సర్టిఫికెట్ గురించి. చాలామంది నేర్పేవాళ్లు ‘ప్రభుత్వ గుర్తింపు’ అన్నట్టు ధ్వనించే మాట ఏదో ఒకటి రాసి గట్టెక్కాలని చూస్తారు. ఆవిడ పేజీలో ఆ జవాబు ఇలా ఉంటే నాకు నచ్చుతుంది:

> సర్టిఫికెట్ ఇస్తారా? ఇస్తాను, నా సంతకంతో. దాంతో ఉద్యోగం రాదు, బ్యాంకు లోన్ రాదు. టైలరింగ్ షాపుకి పనికోసం వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ బదులు మీరు కుట్టిన ఎనిమిదో వారం ముక్క పట్టుకెళ్లండి.